బొమ్మ వెనక బొమ్మలు

1935లో ఫ్రెంచి చిత్రకారుడు ఆన్రీ మాటిస్ పడుకుని ఉన్న ఒక స్త్రీ బొమ్మ మొదలుపెట్టాడు. మొదట్లో చూస్తే అది మామూలు బొమ్మే. ఒక గది, వెనక కుర్చీ, దాని మీద పూలు, మనిషికి సహజంగా ఉండే కొలతలు. నెలలు గడిచేకొద్దీ కుర్చీ కరిగిపోయింది, పూలు గుర్తుపట్టలేనంతగా మారిపోయాయి. చివరికి నీలం గళ్ల మీద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పరుచుకున్న ఒక గులాబి ఆకారం మిగిలింది. ఏదైనా మార్చాలనిపిస్తే మాటిస్ ముందు కాగితం ముక్క కత్తిరించి, కాన్వాసు మీద గుండుసూదితో గుచ్చి, కుదిరిందనుకున్నాకే రంగు వేసేవాడు. దశదశకీ ఫొటో తీయించాడు. అలా పోగైనవి 22. వాటిని అమెరికాలోని బాల్టిమోర్‌లో ఉండే ఎట్టా కోన్ అనే కళాభిమానికి పంపాడు. ఆవిడ ఆ బొమ్మ కొంది. ఇప్పుడది బాల్టిమోర్ మ్యూజియంలో ఉంది.

ఈ రోజుల్లో పేరున్న ఆర్ట్ కాలేజీలు పదిహేడేళ్ల విద్యార్థిని అడుగుతున్నవి దాదాపు ఆ 22 ఫొటోలే.

చాలా ఇళ్లలో ఈ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. పోర్ట్‌ఫోలియో అంటే ఇన్నేళ్లలో వేసిన వాటిలో బాగున్న పది బొమ్మలు ఏరి ఫైల్లో పెట్టడమే అనుకుంటారు. సినిమా నటుడి పెన్సిల్ పోర్ట్రెయిట్, ఒక సూర్యాస్తమయం, ఒక రాధాకృష్ణులు, పోటీలో బహుమతి వచ్చిన పోస్టరు. అన్నీ నీటుగానే ఉంటాయి. కానీ వాటిని చూసే ప్రొఫెసర్‌కి ఈ విద్యార్థి చెయ్యి తిరిగినవాడని మాత్రమే తెలుస్తుంది. బొమ్మ కుదరకపోతే ఏం చేస్తాడో, ఒక ఆలోచనని పట్టుకుని ఎంత దూరం వెళ్తాడో తెలియదు. ఫొటో చూసి దించిన బొమ్మలో అసలు నిర్ణయాలన్నీ ఆ ఫొటో తీసినవాడు ముందే తీసేసుకున్నాడు. ఎక్కడ నిలబడాలి, ఏది వదిలెయ్యాలి, వెలుగు ఏ వైపు నుంచి పడాలి, ఇవేవీ విద్యార్థివి కావు. కాలేజీలో నాలుగేళ్లూ చేయించేది ఆ నిర్ణయాలే గనక, వాటి జాడ కోసమే వాళ్లు వెతుకుతారు.

ఆ జాడని ఎలా చూపించాలో అందరికంటే స్పష్టంగా రాసిపెట్టింది అమెరికాలో కాలేజ్ బోర్డు నడిపే ఏపీ ఆర్ట్ అండ్ డిజైన్ కోర్సు. హైస్కూల్లో ఉండగానే కాలేజీ స్థాయి పాఠం చదివించే ఏపీ కోర్సుల్లో ఇదొకటి. అమెరికాలోని తెలుగు పిల్లలు గణితం, కంప్యూటర్ సైన్స్‌ల పక్కన దీన్నీ తీసుకుంటూ ఉంటారు. దీనికి రాతపరీక్ష ఉండదు. పోర్ట్‌ఫోలియోనే పరీక్ష. మే నెల మొదట్లో దాన్ని ఆన్‌లైన్లో సమర్పించాలి. డ్రాయింగ్, 2-డీ, 3-డీ అని మూడు రకాలున్నా కట్టు ఒకటే. అందులో రెండు భాగాలుంటాయి. ఐదు మంచి పనులు చూపే భాగానికి 40 శాతం. ఒకే ప్రశ్న వెంట సాగిన అన్వేషణని 15 చిత్రాల్లో చూపే భాగానికి 60 శాతం. ఈ రెండో భాగాన్ని సస్టెయిన్డ్ ఇన్వెస్టిగేషన్ అంటారు. ఆ 15 చిత్రాలూ పూర్తయిన బొమ్మలే కానక్కర్లేదు. స్కెచ్‌బుక్ పేజీలు, సగంలో ఉన్న పని, ఒక మూలని దగ్గరగా తీసిన ఫొటో, అన్నీ ఒప్పుకుంటారు.

బ్రిటన్‌లో ఏ-లెవెల్ ఆర్ట్ మార్కుల లెక్క కూడా ఇలాంటిదే. ఆలోచనని పెంచడం, సామగ్రితో ప్రయోగాలు చేసి ఎంచుకోవడం, చూసినదాన్ని నమోదు చెయ్యడం, చివరి పనిని ప్రదర్శించడం అని నాలుగు లక్ష్యాలుంటాయి, నాలిగింటికీ సమానంగా మార్కులు. అంటే మొదటి మూడు వంతుల మార్కులూ చివరి బొమ్మకి ముందు జరిగినదానివే.

ఏపీ వాళ్లు మూడు మాటలు పదేపదే వాడతారు: ప్రాక్టీస్, ఎక్స్‌పెరిమెంటేషన్, రివిజన్. వినడానికి ఒకేలా ఉన్నా ఇవి మూడు వేర్వేరు పనులు. ఒకే సామగ్రితో, ఒకే ఆలోచనతో మళ్లీమళ్లీ చేస్తూ పట్టు తెచ్చుకోవడం ప్రాక్టీస్. ఫలితం ఎలా ఉంటుందో తెలియకుండానే ఒకటి చేసి చూడటం ఎక్స్‌పెరిమెంటేషన్. చేసినదాన్ని చూసి, ఫలానా కారణానికి ఫలానాది మార్చడం రివిజన్. పిల్లల పోర్ట్‌ఫోలియోల్లో ఎక్కువగా లోపించేది ఈ మూడోదే. పదిహేను బొమ్మలూ ఒకే విషయం మీద ఉంటాయి, కానీ ఏడో బొమ్మ తీసి రెండో స్థానంలో పెట్టినా ఏ తేడా తెలియదు. అది వరసే తప్ప అన్వేషణ కాదు. ఈ పరీక్ష ఎవరైనా ఇంట్లో పెట్టుకోవచ్చు. ప్రింట్లన్నీ నేల మీద పరిచి క్రమం మార్చి చూడాలి. ఎలా మార్చినా కథ చెడకపోతే మధ్యలో నిర్ణయాలు లేవన్నమాట.

క్రమం ఏర్పడాలంటే మొదట ప్రశ్న కుదరాలి. విషయం వేరు, ప్రశ్న వేరు. ‘ప్రకృతి’, ‘భావోద్వేగాలు’, ‘నా సంస్కృతి’, ఇవన్నీ విషయాలు. వీటి కింద ఏ బొమ్మ వేసినా సరిపోతుంది గనక ఏదీ తప్పు కాదు. తప్పనేదే లేని చోట దిద్దుకోవడానికీ ఏమీ ఉండదు. మంచి ప్రశ్నకి కంటితో చూడగలిగే జవాబు ఉంటుంది, ఆ జవాబు ముందే తెలిసి ఉండదు.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో పదకొండో తరగతి పూర్తి చేసిన ఒక తెలుగమ్మాయి. వేసవిలో ఇండియా వెళ్లి తిరిగొచ్చేటప్పుడు అమ్మమ్మ ఆవకాయ సీసా కట్టిచ్చింది. మూతకి టేపు, దాని మీద ప్లాస్టిక్ కవరు, రబ్బరు బ్యాండు, ఇంకో కవరు, బ్రౌన్ టేపు చుట్లు, పైన పాత తువ్వాలు. పెట్టె 23 కిలోలు దాటకూడదు గనక సీసా రెండుసార్లు లోపలికీ బయటికీ తిరిగింది. అమ్మాయి మొదట రాసుకున్న విషయం ‘ఇండియా జ్ఞాపకాలు’. టీచరు దాన్ని ఒప్పుకోక, జ్ఞాపకాల్లో నీ కంటికి ఆనేది ఏమిటని అడిగింది. వారం రోజులు స్కెచ్‌బుక్ గీకాక ప్రశ్న ఇలా తేలింది: ఒక వస్తువుని పొరలు పొరలుగా చుట్టేకొద్దీ అది ఎంతవరకూ తనలాగే కనిపిస్తుంది?

మొదటి బొమ్మ తేలిపోయింది. ఫోన్లో ఉన్న ఫొటో చూసి రంగు పెన్సిళ్లతో సీసా వేసింది. నూనె మెరుపు కూడా బాగానే వచ్చింది. కానీ చుట్టిన కవరు బూడిదరంగు మరకలా ఉంది. కారణం తేలిగ్గానే దొరికింది. ఫోన్ కెమెరా ప్లాస్టిక్ మీది మెరుపునంతా తెల్లగా కొట్టేసింది, ఫొటోలో లేని వివరం బొమ్మలోకి ఎక్కడినుంచి వస్తుంది? ఇది మొదటి స్లైడు. తర్వాత సీసానే బల్ల మీద పెట్టి, ఒక పక్కనుంచి దీపం వేసి, బొగ్గుతో నాలుగు చిన్న బొమ్మలు గీసింది. ఒక్కో పొర చుట్టిన తర్వాత ఒక్కొక్కటి. ఇప్పుడు ముడతలు కనిపించాయి. ముడత ఒక్కటే అనుకున్నది నిజానికి మూడు టోన్లని, అంచున గట్టి తెలుపు, పక్కనే ముదురు గీత, ఆ తర్వాత మెత్తటి బూడిదరంగు ఉంటాయని కంటికి తెలిసింది. ఇది ప్రాక్టీస్.

తర్వాత జరిగింది అనుకోనిది. బ్రౌన్ టేపు మెరుపుని తెల్లగా వదలడానికి కాగితం మీద మాస్కింగ్ టేపు అంటించి, పైనుంచి బొగ్గు పూసింది. టేపు లాగితే దాంతోపాటే కాగితం పై పొర కూడా లేచొచ్చేసింది. చాలామంది ఆ కాగితం నలిపి చెత్తబుట్టలో పడేస్తారు. ఈ అమ్మాయి దాన్ని ఫొటో తీసి, పక్కన రెండు ముక్కలు రాసుకుంది: ‘పొర చింపితే లోపల ఇంకో పొర. సీసాకీ ఇదే పని చెయ్యొచ్చా?’ ఆ తర్వాత మూడు రకాల కాగితాల మీద, మూడు రకాల టేపులతో చిన్న నమూనాలు చేసింది. పల్చటి కాగితం అడ్డంగా చిరిగిపోయింది. మందపాటి వాటర్‌కలర్ కాగితం మీద టేపు ఏ గుర్తూ మిగల్చలేదు. మధ్యరకం కాగితం అంచుల దగ్గర పీచులా లేచి, అసలు పార్సెల్ మీది చిరిగిన కవరులాగే ఉంది. ఆ నమూనాలన్నీ ఒకే స్లైడులో, కింద ఒక్కోదాని పేరు రాసి ఉన్నాయి. ఇది ఎక్స్‌పెరిమెంటేషన్. పూర్తయిన అందమైన బొమ్మ ఒకటి పెట్టే చోట ఈ నమూనాల పేజీ పెట్టడం నష్టమేమీ కాదు. ఆ తర్వాతి ఆరు బొమ్మలూ ఎందుకలా ఉన్నాయో చెప్పేది ఈ పేజీయే.

పదో బొమ్మ దగ్గర చిక్కొచ్చింది. టేపు లాగే పద్ధతి చేతికి అలవాటైపోయి, అన్ని బొమ్మలూ ఒకేలా రావడం మొదలైంది. టీచరు ఒక్కటే అడిగింది, లోపల సీసా ఉందని చూసేవాడికి ఎలా తెలుస్తుంది అని. నిజమే, అక్కడ చిరుగులే మిగిలాయి, వస్తువు పోయింది. అమ్మాయి విమానాశ్రయంలో సామాను పరీక్షించే తెరని గుర్తు చేసుకుంది. అక్కడ పొరలన్నీ ఒకేసారి, ఒకదానిలోంచి ఒకటి కనిపిస్తాయి. అందుకని బొమ్మని నాలుగు ట్రేసింగ్ పేపర్లుగా విడగొట్టింది. ఒకదాని మీద సీసా, ఒకదాని మీద కవరు, ఒకదాని మీద టేపు, పైనున్నదాని మీద తువ్వాలు నేత. వాటిని ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి అంటించింది. వెనక వెలుగుంటే సీసా కనిపిస్తుంది, సాయంత్రమైతే మాయమవుతుంది. మొదట వేసిన ప్రశ్నకి ఆమెకి దొరికిన జవాబు అది. పదకొండో స్లైడులో పాత బొమ్మ, పన్నెండో స్లైడులో అదే కూర్పు ట్రేసింగ్ పేపర్ మీద పక్కపక్కనే ఉంటాయి. ఇది రివిజన్. ఏం మారిందో, ఎందుకు మారిందో ఎవరూ చెప్పక్కర్లేకుండా కనిపిస్తుంది.

ఎదుగుదల చూపించడమంటే ఏడో తరగతి బొమ్మ పక్కన పన్నెండో తరగతి బొమ్మ పెట్టడం అనుకునేవాళ్లున్నారు. వయసు పెరిగితే చెయ్యి తిరుగుతుందని ప్రొఫెసర్లకి తెలుసు, దానికి సాక్ష్యం అక్కర్లేదు. పైగా ఆ పాత బొమ్మ ఒక మంచి పనికి దక్కాల్సిన చోటు తినేస్తుంది. పై ఉదాహరణలో ఎదుగుదల ఒకటో స్లైడుకీ పన్నెండో స్లైడుకీ మధ్య కొన్ని నెలల్లోనే ఉంది. చెడిపోయిన పనిని చేర్చడానికీ ఒక లెక్క ఉంది. అది తర్వాతి పనికి దారి తీస్తే ఉంచాలి. ఊరికే చెడిపోయినదైతే తీసెయ్యాలి.

వెనక్కి వెళ్లి ప్రక్రియని తయారుచేసే తెలివి కూడా కొందరు చూపిస్తారు. ముందు బొమ్మ పూర్తి చేసి, ఆ తర్వాత దాని ‘తొలి స్కెచ్’ గీస్తారు. ఇది ఇట్టే తెలిసిపోతుంది. స్కెచ్‌లో కూర్పు చివరి బొమ్మతో అచ్చుగుద్దినట్టు ఉంటుంది, ఒక్క కొట్టివేత ఉండదు, వదిలేసిన దారి ఉండదు, అన్ని పేజీలూ ఒకే రోజు, ఒకే పెన్నుతో రాసినట్టుంటాయి. నిజమైన స్కెచ్‌బుక్‌లో వాడని ఆలోచనలే ఎక్కువ. అందుకే పని జరుగుతున్నప్పుడే నమోదు చేసుకోవాలి. రోజూ పని ఆపేముందు ఒక ఫొటో, పేజీ మూల తేదీ, ఏం మార్చాలనుకుంటున్నారో ఒక వాక్యం, ఇంతే చాలు.

ఆ ఫొటోలు తియ్యడంలోనూ పోర్ట్‌ఫోలియోలు దెబ్బతింటాయి. న్యాయనిర్ణేతలు చూసేది తెర మీదే గనక, ఫొటో చెడితే బొమ్మ చెడినట్టే. ఫ్లాష్ వెయ్యకూడదు, నూనె రంగులూ గ్రాఫైట్ మెరుస్తాయి. మబ్బు పట్టిన రోజు ఆరుబయటో, నేరుగా ఎండ పడని కిటికీ పక్కనో బొమ్మని గోడకి నిలబెట్టి, కెమెరాని దాని నడిమధ్య ఎత్తులో పట్టుకోవాలి. కెమెరా కాస్త వంగినా చతురస్రం పలక ఆకారంలో కాకుండా ఏటవాలుగా వస్తుంది. ఫోన్‌ని మరీ దగ్గరికి తీసుకెళ్తే అంచులు ఉబ్బుతాయి, రెండడుగులు వెనక్కి జరిగి కాస్త జూమ్ చేస్తే సర్దుకుంటుంది. పూర్తయిన బొమ్మల్లో ఫ్రేము, బల్ల, గోడ కనిపించకుండా కత్తిరించాలి. స్కెచ్‌బుక్ పేజీని మాత్రం అంచులతో, మధ్య మడతతో అలాగే ఉంచితేనే అది స్కెచ్‌బుక్ అని తెలుస్తుంది.

ఇక రాయాల్సింది కొంచెమే ఉంటుంది, అందుకే కష్టం. ఏపీలో అన్వేషణకి దారి చూపిన ప్రశ్న ఏమిటి, ప్రాక్టీస్, ప్రయోగం, దిద్దుబాటు ఎలా జరిగాయి అని రెండు జవాబులు రాయాలి. ఒక్కోదానికి ఖాళీలతో కలిపి 600 అక్షరాలే. ఇంగ్లీషులో దాదాపు వంద మాటలు. ‘చిన్నప్పటి నుంచీ బొమ్మలంటే నాకు ప్రాణం’ అని మొదలుపెడితే కొంత చోటు అక్కడే ఖర్చయిపోతుంది. మన అమ్మాయి రాయాల్సింది ఈ తరహాలో ఉంటుంది: ‘1లో ఫొటో వాడాను, ప్లాస్టిక్ కుదరలేదు. 2 నుంచి ఎదురుగా పెట్టుకుని గీశాను. 5లో టేపు కాగితాన్ని చింపింది, 6లో దాన్నే పద్ధతిగా పరీక్షించాను. 11లో సీసా కనిపించకుండా పోయింది, 12లో పొరల్ని ట్రేసింగ్ పేపర్ల మీదికి విడదీశాను.’ సొగసేమీ లేదు, కానీ ప్రతి వాక్యం ఒక స్లైడు వైపు వేలు చూపిస్తుంది. చూసేవాళ్లు ఆ స్లైడు దగ్గరికి వెళ్లి నిజమో కాదో సరిచూసుకోగలరు.

కాలేజీల దగ్గరికి వచ్చేసరికి ఈ సరుకునే వేరే విధంగా సర్దాలి. 1877లో స్థాపించిన రోడ్ ఐలండ్ స్కూల్ ఆఫ్ డిజైన్ 12 నుంచి 20 పనులు అడుగుతుంది. పూర్తయిన వాటితోపాటు పరిశోధన, ముందస్తు స్కెచ్‌లు కూడా చూస్తుంది. ఎదురుగా ఉన్నదాన్ని చూసి గీసిన బొమ్మలకి అక్కడ విలువెక్కువ. దరఖాస్తుతోపాటు సైకిల్ బొమ్మ గీసి పంపమని ఆ కాలేజీ ఏళ్ల తరబడి అడిగేది. ఏపీలో ఒకే ప్రశ్న మీద 15 చూపినవాళ్లు ఇక్కడ వాటిలో ఎనిమిదో తొమ్మిదో ఉంచుకుని, మిగతా చోటు వేరే రకం పనులకి ఇవ్వడం మంచిది. మొత్తం ఆవకాయ సీసాలే ఉంటే ఈ అమ్మాయికి మనుషుల్ని గీయడం వచ్చా రాదా అన్న అనుమానం మిగిలిపోతుంది.

క్యాలెండరు విషయంలోనే చాలామంది పొరబడతారు. ఏపీ సమర్పణ మే నెలలో, స్కోరు వచ్చేది జులైలో. ఆర్ట్ కాలేజీల దరఖాస్తులు నవంబరుకీ ఫిబ్రవరికీ మధ్యే ముగిసిపోతాయి. పన్నెండో తరగతిలో ఏపీ తీసుకున్న విద్యార్థికి స్కోరు ప్రవేశంలో ఉపయోగపడదు, అప్పటికి పూర్తయిన బొమ్మలే ఉపయోగపడతాయి. అందుకే ప్రశ్నని పదకొండో తరగతి తర్వాతి వేసవిలోనే తేల్చుకోవాలి. సెప్టెంబరు, అక్టోబరు నుంచి అమెరికా నగరాల్లో నేషనల్ పోర్ట్‌ఫోలియో డే అనే కార్యక్రమాలు జరుగుతాయి. రకరకాల కాలేజీల ప్రతినిధులు ఒకే హాల్లో కూర్చుని పిల్లల పనులు చూసి సలహాలిస్తారు. అక్కడికి పూర్తయిన పది బొమ్మలతోపాటు స్కెచ్‌బుక్ కూడా పట్టుకెళ్లాలి. దరఖాస్తు గడువుకి ఇంకా వారాలు మిగిలి ఉంటాయి గనక, వాళ్లు చెప్పింది చెయ్యడానికి వ్యవధి ఉంటుంది.

మన దగ్గర పరిస్థితి వేరు. హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూలో బీఎఫ్ఏ సీట్లు ప్రవేశపరీక్షతో నిండుతాయి. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో బీడిజైన్‌కి ప్రిలిమ్స్, ఆ తర్వాత అక్కడికక్కడే చేతులతో చేసి చూపే మెయిన్స్ ఉంటాయి. పోర్ట్‌ఫోలియో ఎంత బాగున్నా ఆ గదిలో ఇచ్చిన అట్టముక్కా తీగా పట్టుకుని, ఇచ్చిన సమయంలో ఏదో ఒకటి చెయ్యక తప్పదు. అయితే టేపూ కాగితంతో నెలల తరబడి ‘ఇలా చేస్తే ఏమవుతుంది’ అని పరీక్షించి చూసుకున్నవాళ్లకి ఆ పరీక్షా గది కొత్తగా అనిపించదు. పోర్ట్‌ఫోలియో తీసుకెళ్లే అవకాశమున్న ఇంటర్వ్యూల్లో, ముఖ్యంగా పీజీ కోర్సులకి, పేజీలు తిప్పుతూ ఎవరో ఒకరు ఒక బొమ్మ దగ్గర ఆగి ఇది ఎందుకు ఇలా చేశావని అడుగుతారు. తేదీ వేసిన స్కెచ్‌బుక్ ఉన్న విద్యార్థి దానికి ముందు పేజీ తెరిచి చూపిస్తే సరిపోతుంది.